స్టేజీ మీద ‘అబౌట్’ చదివితే తప్పెవరిది? విశాఖ స్టూడియోలో చర్చ

(పాల్గొన్నవారు: రుషికొండ ఐటీ సంస్థలకు ఉద్యోగులను ఎంపిక చేసే రిక్రూటర్, పాలిటెక్నిక్‌లో ప్లేస్‌మెంట్లు చూసే లెక్చరర్, ముప్పై ఏళ్లుగా నగరంలో సభలు నడిపిస్తున్న వ్యాఖ్యాత. మాటలు ఒకరివి ఒకరి మీద పడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఆ వీడియో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. కాలేజీ వార్షికోత్సవం, ముఖ్య అతిథి పరవాడ ఫార్మా ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజినీరు మేడమ్. పరిచయం కావాలని అడిగితే ఆవిడ లింక్డ్‌ఇన్ లింకు పంపారు. అక్కడి వ్యాఖ్యాత గారు అందులో ఆవిడ తన గురించి రాసుకున్న ‘అబౌట్’ భాగమంతా తెలుగులో చదువుతూ పోయారు. ‘నేను చిన్నప్పటి నుంచీ యంత్రాలంటే ప్రాణం పెట్టేదాన్ని’ అని మగ గొంతుతో! చివర్లో ‘మీ పంపుల సమస్యకు నన్ను సంప్రదించండి’ అని ఫోన్ నంబరు కూడా. హాలంతా ఒకటే నవ్వు. నా ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. ఇదంతా సొంత డబ్బా కొట్టుకోవడమే కదా?

రిక్రూటర్: డబ్బా కాదండీ, పొరపాటంతా ఒకే రాతను రెజ్యూమె సమ్మరీ, అబౌట్, సభా పరిచయం అని మూడు చోట్లా వాడటంలో ఉంది. రోజూ మా దగ్గర చూస్తుంటాను. అబౌట్‌లోంచి రెండు పేరాలు ఎత్తి రెజ్యూమె పైన అతికిస్తారు...

వ్యాఖ్యాత: ముందు మా సంగతి తేల్చండి. మైకు పట్టుకున్నవాడికి ఏమిచ్చారో అదే చదువుతాడు. చదివినవాడిని ఆడిపోసుకుంటే ఏటి లాభం?

లెక్చరర్: నిజమే. సభా పరిచయం చదివేది ఒకరు, వినేది హాలంతా. అందుకే అది ‘ఆవిడ’ అనే రాయాలి, ‘నేను’ అని కాదు. యాభై, అరవై మాటలు దాటకూడదు. ఈ మేడమ్‌కే నేను రాసి తెచ్చాను, వినండి. ‘పరవాడలో ఫార్మా ప్లాంటు మెయింటెనెన్స్ ఇంజినీరు. పదకొండేళ్లుగా పంపులు, బాయిలర్ల నిర్వహణ చూస్తున్నారు. మన మెకానికల్ విభాగం పూర్వ విద్యార్థిని. ప్లాంటులో మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఈరోజు మీకు చెబుతారు.’ అంతే. ఆఖరి వాక్యమే కీలకం. ఈవిడ ఇవాళ స్టేజీ మీద ఎందుకున్నారో...

రిక్రూటర్: బాగుంది, కానీ అది రెజ్యూమెలో పెడితే నేను పక్కన పెట్టేస్తాను. నాకు పూర్వ విద్యార్థిని అయితే ఏంటి, కాకపోతే ఏంటి?

లెక్చరర్: రెజ్యూమెలో పెట్టమని ఎవరన్నారండీ?

రిక్రూటర్: మీ పిల్లలు పెడుతున్నారు మేడమ్! రెజ్యూమె సమ్మరీ అంటే మూడు నాలుగు లైన్లు. చదివేవాడి చేతిలో అప్పటికే ఒక ఉద్యోగ ప్రకటన ఉంటుంది. ఈ మనిషి ఈ పనికి సరిపోతారా, కిందికి చదవాలా వద్దా, ఆ ఒక్క సంగతే చూస్తాడు. అక్కడ ‘నేను’ ఉండదు, ‘ఆవిడ’ కూడా ఉండదు. ‘మెకానికల్ ఇంజినీర్, ఫార్మా ప్లాంట్ మెయింటెనెన్స్‌లో 11 ఏళ్లు. సెంట్రిఫ్యూగల్ పంపులు, బాయిలర్లకు ప్రివెంటివ్ మెయింటెనెన్స్ షెడ్యూళ్లు. 14 మంది షిఫ్ట్ టీమ్ బాధ్యత. జీఎంపీ ఆడిట్లకు రికార్డుల తయారీ.’ అంతే.

యాంకర్: పద్నాలుగు మందిని నడిపానని చెప్పుకోవడం, అది డబ్బా కాదంటారా?

రిక్రూటర్: కాదండీ! కింద అనుభవం భాగంలో ఆ పద్నాలుగు మంది కనపడాలి. పైన చెప్పిన ప్రతి మాటకూ కింద ఆధారం ఉండాలి. లేకపోతే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. ఇంకోటి, ప్రకటనలో ‘ప్రివెంటివ్ మెయింటెనెన్స్’ అని ఉంటే మీరు ‘పీఎం’ అని పొడి అక్షరాలు రాసి ఊరుకోకండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ మాట కొట్టి వెతికేవాళ్లకు మీరు దొరకరు. రెండూ రాయండి. అందుకే ప్రతి ఉద్యోగానికీ సమ్మరీ మార్చుకోవాలి. బాయిలర్ల ఉద్యోగమైతే బాయిలర్లు ముందుకొస్తాయి, పంపులు వెనక్కి...

వ్యాఖ్యాత: మా రోజుల్లో బయోడేటా అని ఒకటే కాగితం ఉండేది. ఉద్యోగానికీ అదే, పెళ్లికీ అదే. తండ్రి పేరు, గోత్రం, ఎత్తు...

యాంకర్: గోత్రం చెప్పడం డబ్బా కాదు కదా, చూశారా!

లెక్చరర్: ఇప్పటికీ రెజ్యూమెలో తండ్రి పేరు రాసే పిల్లలున్నారు. ఆ పైన ‘సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను’ అంటూ ఆబ్జెక్టివ్ ఒకటి. సీనియర్ దగ్గర తీసుకున్నదే అందరిదీ. నేను చెప్పాలనుకున్నది అబౌట్ గురించి. అది...

రిక్రూటర్: అబౌట్ నేను చెబుతాను. లింక్డ్‌ఇన్‌లో దానికి 2,600 అక్షరాల దాకా చోటు ఉంది, ఖాళీలతో కలిపి. కానీ తెరిచిన వెంటనే కనపడేది మొదటి కొన్ని లైన్లే, ఫోన్‌లో అయితే ఇంకా తక్కువ. మిగతాది ‘see more’ నొక్కితేనే. మరి మొదటి లైను ‘చిన్నప్పటి నుంచీ ప్రాణం’ అయితే ఎవడు నొక్కుతాడు?

లెక్చరర్: అదే అంటున్నాను, నన్ను చెప్పనిస్తే! అక్కడ ‘నేను’ ఉండొచ్చు, ఉండాలి కూడా. వచ్చినవాళ్లు తమంతట తామే వచ్చారు, కాస్త తీరిగ్గా చదువుతారు. ఆవిడ మొదటి లైను ఇలా ఉంటే చూడండి. ‘పంపు సీలు పదే పదే పోతోందంటే చాలాసార్లు తప్పు సీలుది కాదు, అలైన్‌మెంటుది.’ పంపు, మోటారు షాఫ్టులు సరళరేఖలో లేకపోతే కొత్త సీలు వేసినా మళ్లీ కారుతుంది. ప్లాంటు మనిషి ఆ ఒక్క లైను చూసి ఆగుతాడు. ఆ తర్వాత ఆ సమస్య ఎలా పట్టుకున్నారో నాలుగు వాక్యాలు, ఎలాంటి పనికి తనను పిలవొచ్చో చివర్లో.

యాంకర్: ఫోన్ నంబరుతో సహా! దీన్ని డబ్బా అనక...

వ్యాఖ్యాత: నంబరు చదివినందుకు ఆ కుర్రాణ్ణి అంటున్నారు గానీ...

రిక్రూటర్: అబౌట్‌లో అసలు ప్రమాదం ఎవరూ చెప్పట్లేదు. రెజ్యూమె మీరు పంపినవాళ్లకు వెళుతుంది. అబౌట్ అందరికీ ఒకటే, ఇప్పటి బాస్‌కి కూడా. ‘కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను’ అని రాస్తే మొదట చదివేది పక్క సీటువాడే. ప్లాంటులో బ్రేక్‌డౌన్లు ఎన్ని, ఏ మందు ఏ లైనులో అని రాస్తే కంపెనీ గోప్యత పోయినట్టే. పంపు సీలు పాఠం రాయొచ్చు, ఏ బ్లాకులో ఎన్నిసార్లు పోయిందో రాయకూడదు.

లెక్చరర్: రెజ్యూమెలో కూడా అది రాయకూడదు కదండీ. పోటీ కంపెనీకే పంపుతారు.

రిక్రూటర్: అది వేరే విషయం.

లెక్చరర్: వేరే విషయం ఎలా అవుతుంది? అదే అంకె, అదే...

రిక్రూటర్: నేను చెప్పేదేంటంటే, ముందు సమ్మరీ బాగుండాలి. సమ్మరీ బాగుంటే మిగతా రెండూ దాంట్లోంచే వస్తాయి.

లెక్చరర్: ఇప్పుడే కదా ఒకే రాత మూడు చోట్లా వాడకూడదన్నారు!

రిక్రూటర్: వాడమనలేదు, వస్తాయన్నాను. విషయం ఒకటే, రాత వేరు. మీరు పూర్తిగా వినండి మేడమ్...

వ్యాఖ్యాత: నాదొక విన్నపం. అతిథులు లింకులు పంపొద్దు. పేరు ఎలా పలకాలో కూడా రాసి, ఒక కాగితం ముక్క చేతిలో పెట్టండి. మొన్నామధ్య ఇంటిపేరు తప్పు పలికానని...

యాంకర్: సమయం అయిపోయింది. మొత్తానికి రెజ్యూమె సమ్మరీయే ప్రాణమని రిక్రూటర్ గారు తేల్చేశారు. డబ్బా విషయంలో మాత్రం ముగ్గురూ నాతో ఏకీభవించినట్టే...

లెక్చరర్: ఎవరు ఏకీభవించారండీ?

రిక్రూటర్: ఒక్క నిమిషం, ఆబ్జెక్టివ్ గురించి నేనింకా చెప్పనేలేదు...

(కార్యక్రమం ఇక్కడ ఆగింది.)