150 అడిగితే 216 ఎందుకు? పెట్టె లెక్కన ఆర్డర్లు తీసుకోవడం

హోస్ట్: నమస్కారం. ఈ రోజు మనతో ఉన్న అక్క కర్నూలులో ఒక నోటుబుక్కుల హోల్‌సేల్ దుకాణంలో ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ చూసుకుంటారు. ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల అంగళ్లకు ఆ దుకాణం నుంచే సరుకు పోతాది. అక్కా, నేరుగా విషయానికి వస్తా. "ఇంతకు తక్కువైతే ఇవ్వం, పెట్టె విప్పి ఇవ్వం" అని ఆర్డర్ రాసేటప్పుడే సాఫ్ట్‌వేర్ ఆపాలి. ఒక్క షరతే కదా, ఇందులో కష్టం యాడుంది?

అతిథి: ఒకటి కాదు తమ్ముడూ, రెండు షరతులు. అందరూ ఒకటే అనుకుంటారు, తిప్పలన్నీ అక్కడే మొదలైతాయి. మా దగ్గర లాంగ్ నోటుబుక్కు ఉందనుకో. 6 పుస్తకాలు ఒక కట్ట, 12 కట్టలు ఒక పెట్టె, అంటే పెట్టెకు 72. ఇది ఫ్యాక్టరీ పెట్టిన లెక్క. ఇంక మా ఓనరు, 150 పుస్తకాల కన్నా తక్కువ పంపితే పార్శిల్ ఖర్చు, హమాలీ పోను ఏమీ మిగలదని చెప్తాడు. అది మా వ్యాపారం లెక్క. 72 గోడౌన్‌లో పుట్టిన అంకె, 150 ఖాతా పుస్తకంలో పుట్టిన అంకె. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

హోస్ట్: 150ని 72తో భాగిస్తే రాదు కదా.

అతిథి: రాదు. రెండు పెట్టెలు 144, ఇంకా 6 తక్కువ. మూడు పెట్టెలు 216. రెండు షరతులూ నిలబడే మొదటి అంకె 216 మాత్రమే. 150 అనేది ఓనరు నోట్లో ఉన్న కనీసం. 216 అనేది నిజంగా ఆర్డర్ ఇవ్వగలిగే కనీసం.

హోస్ట్: ఇది వెబ్ ఫారంలో ఎట్ల పెడతారు?

అతిథి: ఎక్కువ మంది ఇట్ల పెడతారు, తెర మీద చూడు.

```html
<input type="number" min="150" step="72">
```

చదివితే సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తాది. కనీసం 150, తర్వాత 72 చొప్పున. కానీ బ్రౌజర్ step లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టదు. min ఇచ్చి ఉంటే ఆ min నుంచే మొదలుపెడతాది. అది బ్రౌజర్ లోపం కాదు, HTML నియమమే అట్లుంది. అప్పుడు ఈ ఫారం ఒప్పుకునే అంకెలు 150, 222, 294. ఇందులో ఒక్కటి కూడా నిండు పెట్టెలు కావు.

హోస్ట్: అంటే సరైన 216 కొడితే?

అతిథి: తిప్పి కొడతాది! క్రోమ్‌లో అయితే దగ్గరగా ఉన్న సరైన అంకెలు 150, 222 అని అదే సలహా ఇస్తాది. ఆదోనిలో అంగడాయన మూడు పెట్టెలు కావాలని సరిగ్గా కొట్టినాడు, మన ఫారమే ఆయన్ను తప్పు అంకెకు తోలింది. 222 అంటే మూడు పెట్టెలు, ఒక లూజు కట్ట. ఆ ఒక్క కట్ట కోసం గోడౌన్‌లో కొత్త పెట్టె కోయాలి. మిగిలిన 11 కట్టలు నోరు తెరిచిన పెట్టెలో ఉంటాయి, మూలలు మడతపడతాయి, దుమ్ము పడతాది. విడిగా పంపిన ఆ కట్టకు వేరే గోనెపట్టా చుట్టాలి. లారీ ఆఫీసువాళ్లు దాన్ని ఇంకొక నగంగా రాస్తారు. మూడు నగాల బిల్టీ నాలుగైతాది.

హోస్ట్: దీన్ని కనిపెట్టడం ఎట్లక్కా?

అతిథి: రోజు బిల్లులు తీసి, ఒక్కో వరుసలోని పుస్తకాలను పెట్టె లెక్కతో భాగిస్తే ఎంత మిగిలిందో చూడు. అన్నిట్లోనూ ఒకే శేషం వస్తా ఉంటే, మా లెక్కలో 6, అది అంగళ్లవాళ్ల పొరపాటు కాదు. మనుషులు చేసే పొరపాట్లు రకరకాలుగా ఉంటాయి. ఒకటే శేషం మళ్లీ మళ్లీ వస్తా ఉంటే దాన్ని పుట్టించేది ఫారమే.

హోస్ట్: మరి min దగ్గర 216 అనే రాసేస్తే అయిపోతాది కదా?

అతిథి: ఫారంలో కనబడేది 216 ఉండాల. సరుకుల వివరాలన్నీ ఉండే మాస్టర్‌లో మాత్రం 216 అని రాసి పెట్టొద్దు. అక్కడ 150, 72 రెండూ విడివిడిగా ఉండాల, 216ను అప్పటికప్పుడు లెక్క కట్టాల. ఎక్సెల్‌లో అయితే ఇది.

```
=CEILING(150,72)
```

హోస్ట్: తేడా ఏమొస్తాది?

అతిథి: రేపు ఫ్యాక్టరీవాళ్లు పెట్టెను 60కి మార్చినారనుకో. మాస్టర్‌లో 150 ఉంటే కొత్త కనీసం 180 అని తనంతట తనే వస్తాది, అంటే మూడు పెట్టెలు. 216 అని రాసి పెట్టింటే, దానికి పైన 60 లెక్కన 240 అడుగుతాది. ఓనరు 150 చాలంటాడు, సాఫ్ట్‌వేర్ చిన్న అంగడాయన నెత్తిన 60 పుస్తకాలు ఎక్కువ పెడతాది. ఆ 216 ఎందుకు రాసినామో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఎక్సెల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొందరు MROUND వాడతారు. అది దగ్గరి గుణిజానికి పోతాది. 150కి 72 లెక్కన దగ్గరిది 144. పెట్టెలు సరిపోయినాయి, కనీసం తప్పింది. పైకే పోవాల్సిన చోట CEILING తప్ప ఇంకొకటి వాడొద్దు.

హోస్ట్: అంగడాయన 230 అని కొట్టినాడనుకుందాం. మీరే 288 చేసేస్తారా?

అతిథి: చెప్పకుండా మార్చనే కూడదు. నాకు ఇది చాలా ముఖ్యం. ఆయన 230 అన్నాడు, బిల్లు 288కి వచ్చింది, సరుకు దిగినాక గొడవ. ఇంకొకసారి ఆయన మన ఫారం వాడడు, సేల్స్‌మన్‌కు ఫోన్ చేసి నోటిమాటగా చెప్తాడు. అందుకని 230 కొడితే రెండు బటన్లు చూపించాల. "216 (3 పెట్టెలు)", "288 (4 పెట్టెలు)", పక్కన ఒక్కోదాని రూపాయలు. ఏది కావాలో ఆయన తాకుతాడు. 170 కొడితే మాత్రం ఒక్క బటనే, 216. కిందిది 144 కాబట్టి దాన్ని చూపించకూడదు. కిందికి దించే సలహా కూడా కనీసాన్ని దాటుతుందా అని చూసుకున్నాకే ఇవ్వాల.

హోస్ట్: అసలు పుస్తకాలు కాకుండా పెట్టెలే అడిగితే? "ఎన్ని పెట్టెలు?" అని.

అతిథి: అదే మంచిది, నేనూ అదే చెప్తా. పెట్టెలు అడిగితే శేషం అనే మాటే రాదు. కానీ మన దిక్కు అంగళ్లలో లెక్క డజన్లలో నడుస్తాది. ఫోన్‌లో "18 డజన్లు పంపు" అంటారు. 18 డజన్లంటే 216, సరిగ్గా మూడు పెట్టెలు. ఆ అలవాటులో పెట్టెల గడిలో 18 కొట్టినాడంటే 1,296 పుస్తకాలు. అందుకే గడి పక్కన "పెట్టెలు" అని పెద్దగా ఉండాల, అంకె కొట్టంగనే కింద "3 పెట్టెలు = 18 డజన్లు = 216 పుస్తకాలు" అని కనబడాల. డేటాబేస్‌లో మాత్రం ఎప్పుడూ పుస్తకాల్లోనే దాచాల, పక్కన ఆ రోజు పెట్టె ఎంతదో కూడా రాసుకోవాల. పెట్టె 60 అయినాక పాత ఆర్డర్‌లో "3 పెట్టెలు" అని మాత్రమే ఉంటే అది 216ఓ 180ఓ తేల్చలేం.

హోస్ట్: సేల్స్‌మన్ యాప్, వాట్సాప్‌లో వచ్చినవి కౌంటర్‌లో కొట్టడం, ఎక్సెల్ ఫైలు ఎక్కించడం, ఇన్ని దారులున్నాయి కదా.

అతిథి: ఉన్నాయి, ఫారంలోని min, step అన్నీ ఒక్క దారికే కాపలా. ఆర్డర్ సేవ్ అయ్యేచోట, సర్వర్‌లో, ఒకే పరీక్ష ఉండాల, అన్ని దారులూ దాని మీదుగానే పోవాల. "పోయిన ఆర్డరే మళ్లీ" అనే బటన్ ఉంటాది చూడు, దాన్ని అందరూ మర్చిపోతారు. పెట్టె మారినాక అది పాత 216నే తెచ్చి పెడతాది.

ఇంకొక మెలిక ఉంది. అంగడాయన సింగిల్ రూల్ ఒక పెట్టె, ఫోర్ రూల్ ఒక పెట్టె, వైట్ ఒక పెట్టె అడిగినాడనుకో. ఒక్కోటి 72. వరుస వరుసకూ కనీసం చూస్తే మూడూ తప్పే. కానీ ఓనరు 150 ఎందుకన్నాడు? పార్శిల్ ఖర్చు కోసం. మొత్తం 216 ఒకే పార్శిల్‌లో పోతాది కదా. అందుకని పెట్టె లెక్క ప్రతి వరుసకూ చూడాల, కనీసం మాత్రం ఆ రకం సరుకంతా కూడి చూడాల. ఈ కూడే లెక్కకు పరీక్ష సర్వర్‌లో ఉండక తప్పదు, ఒక్కో గడికి పక్క గడిలో ఏముందో తెలియదు.

హోస్ట్: సరుకు తక్కువున్నప్పుడు? 216 ఆర్డర్ ఉంది, గోడౌన్‌లో 180 ఉన్నాయి.

అతిథి: ఇక్కడే ఆ రెండు షరతులూ విడిపోతాయి. 180 ఉన్నాయని 180 పంపరు, 144 పంపుతారు, రెండు పెట్టెలు. ఇంకొక పెట్టె 72 బాకీ. పెట్టె లెక్క పంపేటప్పుడు కూడా వర్తిస్తాది. కనీసం మాత్రం ఆర్డర్ తీసుకునేటప్పుడు ఒక్కసారే. బాకీ 72ను మళ్లీ ఆ పరీక్షలో పెడితే "150 కన్నా తక్కువ" అని సాఫ్ట్‌వేర్ ఆపేస్తాది, ఆ పెట్టె ఎప్పటికీ పోదు. జూన్‌లో బడులు తెరిచే ముందు సరుకు చాలక ఇట్ల ముక్కలుగా పంపడం ఎక్కువ. బాకీల జాబితాలో ఒక్క పెట్టె, రెండు పెట్టెల వరుసలు కదలకుండా పడి ఉంటే కారణం ఇదేనేమో చూసుకోండి.

హోస్ట్: నిజంగానే లూజు ఇవ్వాల్సి వస్తే? పాత గిరాకీ, పక్క వీధి బడివాళ్లు.

అతిథి: ఇవ్వొచ్చు, కానీ అదే సరుకు మీద షరతు తీసేసి కాదు. లూజు అని వేరే కోడ్ పెట్టు, దానికి గుణిజం 6, ధర వేరే. కోసిన పెట్టెలో మిగిలిన కట్టలు ఆ కోడ్ స్టాక్‌లోకి పోతాయి. అట్లయితే "పెట్టెలు ఎన్నున్నాయి" అని అడిగితే వచ్చే జవాబు గోడౌన్‌లో నిజంగా నిలబడి ఉన్న పెట్టెలే.

హోస్ట్: తమ దుకాణంలో ఇది సరిగ్గా ఉందా అని ఈ సాయంత్రమే చూసుకోవాలంటే ఏం చేయాల అక్కా?

అతిథి: 72 పెట్టె, 150 కనీసం అనుకుంటే ఐదు అంకెలు చాలు. 144, 150, 216, 222, 288. ప్రతి దారిలోనూ, ఎక్సెల్ ఫైల్లోనూ, "మళ్లీ" బటన్‌లోనూ ఒక్కోటి కొట్టి చూడు. 216, 288 పోవాల, మిగతా మూడూ ఆగాల. 144 పోయిందంటే కనీసం చూడటం లేదు. 150, 222 పోయి 216 ఆగిందంటే step లెక్క min నుంచి మొదలవుతా ఉంది. ఐదూ పోయినాయంటే ఆ దారిలో పరీక్షే లేదు, అక్కడి నుంచి మొదలుపెట్టాల.