మూడ్ యాప్ ఎక్కడిదాకా?

అందరికీ నమస్కారం.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలోకి వచ్చి, ప్లేస్‌మెంట్ల మాట వినపడటం మొదలయ్యాక, చాలామంది విద్యార్థులు తమ టెన్షన్ సంగతి ఎవరికీ చెప్పరు. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటారు. డేలియో లాంటి దాంట్లో రోజూ రాత్రి ఐదు ముఖాల్లో ఒకదాన్ని నొక్కుతారు. మైండ్‌షిఫ్ట్‌లో ఆందోళన తగ్గించుకునే అభ్యాసాలు చేస్తారు. వైసా అనే చాట్‌బాట్‌తో మాట్లాడతారు. ఇది తప్పు పని కాదు. ఎవరితోనూ మాట్లాడలేని రాత్రి ఏదో ఒకటి చేతిలో ఉండటం మంచిదే. అయితే ఈ యాప్‌లు ఏం చూపిస్తాయో, ఏం చూపించలేవో తెలియకపోతే, జబ్బు ముదురుతున్నా తగ్గుతోందని అనుకునే ప్రమాదం ఉంది. ఇవాళ ఆ ఒక్క విషయమే వివరంగా చెబుతాను.

ఒక అమ్మాయిని తీసుకుందాం. దివ్య అని పిలుద్దాం. ఈమె ఒక్క మనిషి కాదు, నా దగ్గరికి వచ్చిన కొందరు విద్యార్థుల అనుభవాలు కలిపి చెబుతున్నాను. ఈసీఈ మూడో సంవత్సరం. సోమవారం, గురువారం ల్యాబ్, ల్యాబ్‌లో వైవా. సార్ ప్రశ్న అడగగానే గొంతు ఆరిపోతుంది, గుండె దడదడలాడుతుంది, తెలిసిన జవాబు కూడా నోటికి రాదు. రాత్రిళ్లు రెండు దాటినా నిద్ర పట్టదు.

దివ్య ఒక మూడ్ యాప్ వేసుకుంది. చాలా బాగుంటే 5, అస్సలు బాగోలేకపోతే 1. మొదటి వారం సోమవారం 2, మంగళ, బుధవారాలు 3, గురువారం మళ్లీ 2, శుక్ర, శనివారాలు 4, ఆదివారం 3. సగటు 3. ఇక్కడ యాప్ నిజంగా సాయం చేసింది. "నాకు ఎప్పుడూ టెన్షనే" అనుకునే మనిషికి, ఎప్పుడూ కాదు, ల్యాబ్ ఉన్న రోజుల్లోనూ దాని ముందు రాత్రీ అని కళ్లకు కట్టింది. ఆందోళనలో ఉన్నవాళ్లకు అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది కాబట్టి, దాన్ని ఇలా విడదీసి చూడటం చికిత్సలో కూడా మొదటి మెట్టే.

ఇప్పుడు రెండో వారం చూడండి. గురువారం ఎదురుగా 4 ఉంది. గ్రాఫ్ పైకి లేచింది, దివ్య సంతోషించింది. ఆ రోజు ఏం జరిగింది? తలనొప్పి అని చెప్పి ల్యాబ్‌కు వెళ్లలేదు. రూమ్‌లో పడుకుంది. వైవా తప్పింది కాబట్టి సాయంత్రానికి మనసు తేలికపడింది. రాత్రి నిజాయితీగా 4 నొక్కింది. యాప్ కూడా నిజాయితీగానే గీత పైకి గీసింది.

ఆందోళన పెరిగే దారి సరిగ్గా ఇదే. భయపడే పనిని తప్పించుకుంటే వెంటనే ఉపశమనం దొరుకుతుంది. తప్పించుకోవడం వల్లే బతికిపోయానని మెదడు నేర్చుకుంటుంది. వచ్చే గురువారం భయం ఇంకాస్త పెద్దదవుతుంది. అంటే మూడ్ మాత్రమే రాసుకునే యాప్, తప్పించుకున్న రోజును మంచి రోజు కింద లెక్కేస్తోంది. అందుకే నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు నేను ఖచ్చితంగా చెప్పేది ఒకటుంది: ముఖం బొమ్మ పక్కన ఇంకో గడి పెట్టుకోండి. "ఇవాళ భయంతో ఏ పని మానేశాను?" అని రాసుకోండి. డేలియో లాంటి వాటిలో మనకు కావలసిన గుర్తులు మనమే చేర్చుకోవచ్చు. ల్యాబ్ మానేశాను, ఫోన్ ఎత్తలేదు, మెస్‌కు వెళ్లలేదు, ఇలా. నెల తర్వాత ముందు చూడాల్సింది ముఖాల వరుసను కాదు, ఈ గడిని.

మూడో వారంలో ఇంకో సంగతి జరిగింది. దివ్య నాలుగు రోజులే నమోదు చేసింది: 4, 3, 4, 3. సగటు మూడున్నర. మొదటి వారం కన్నా మెరుగు! మరి మిగిలిన మూడు రోజులు? ఆ మూడు రోజులూ ఆమె మంచం దిగలేదు, ఫోన్ తెరిచి బొమ్మ నొక్కే ఓపిక కూడా లేదు. సగటు వేసేటప్పుడు ఖాళీ రోజులు లెక్కలోకి రావు. అన్నిటికన్నా చెడ్డ రోజులే లెక్కలోంచి జారిపోయాయి. కాబట్టి ఖాళీ గడులను ఊరికే వదిలేయకండి. బద్ధకం వల్ల ఖాళీనా, ఊరెళ్లడం వల్లనా, లేవలేకపోవడం వల్లనా అని తర్వాతైనా గుర్తు చేసుకుని రాయండి.

ఈ యాప్‌లను మధ్యలో వదిలేయడం మీ ఒక్కరి సమస్య కాదు. 2019లో వచ్చిన ఒక అధ్యయనం 93 మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకాన్ని చూసింది. పదిహేను రోజుల తర్వాత కూడా తెరుస్తున్నవాళ్లు, మధ్యస్థంగా చూస్తే, నూటికి నలుగురు. యాప్ మానేశాను, నేనింతే అని ఇంకో దిగులు పెట్టుకోవద్దు. రాసుకోవాలంటే రఫ్ నోట్‌బుక్ చివరి పేజీ కూడా సరిపోతుంది.

ఇక అభ్యాసాల సంగతి. వీటిలో నాకు బాగా నమ్మకమున్నది మెట్లు కట్టుకోవడం. భయపెట్టే పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, కింది నుంచి మొదలుపెట్టడం. మైండ్‌షిఫ్ట్‌లో దీనికోసం ఒక భాగమే ఉంది. దివ్యకైతే మొదటి మెట్టు, గదిలో ఒంటరిగా వైవా జవాబును గట్టిగా చెప్పడం. రెండోది, రూమ్మేట్‌ను ప్రశ్నలు అడగమని ఆమె ఎదుట చెప్పడం. మూడోది, క్లాసు అయ్యాక సార్ దగ్గరికి వెళ్లి ఒక డౌట్ అడగడం. నాలుగోది, ల్యాబ్‌లో వైవాకు కూర్చోవడం, జవాబు సగమే వచ్చినా సరే. ప్రతి మెట్టుకు ముందు భయం పదికి ఎంతో రాయాలి, "ఏం జరుగుతుందని భయపడుతున్నాను" అనేది కూడా రాయాలి, అయ్యాక నిజంగా ఏం జరిగిందో రాయాలి. ఒక మెట్టును ఒక్కసారి ఎక్కి వదలకూడదు. విసుగు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి.

మొదటి రెండు మెట్లు దివ్య యాప్ సాయంతోనే ఎక్కింది. మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. రోజూ ఆ పేజీ తెరుస్తుంది, "రేపు" అని మూసేస్తుంది. గుర్తుచేసే నోటిఫికేషన్‌ను పక్కకు తోసేయడం చాలా సులువు. ఎదురుగా కూర్చున్న మనిషైతే "ఆ మెట్టు ఎత్తు ఎక్కువైందేమో, మధ్యలో ఇంకోటి పెడదామా?" అని అడుగుతారు, అవసరమైతే ల్యాబ్ గుమ్మందాకా వెంట వస్తారు. యాప్ పరిధి ముగిసే మొదటి చోటు ఇది. మూడు నాలుగు వారాలు నిజాయితీగా చేసినా మెట్టు కదలకపోతే, యాప్ మార్చకండి, మనిషి దగ్గరికి వెళ్లండి.

ఆందోళన ఎంత ఉందో కొలవడానికి జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల్లో కంగారు, ఆపుకోలేని ఆలోచనలు, చిరాకు వంటివి ఎన్ని రోజులు వేధించాయో ఏడు ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 21. 5 నుంచి 9 వస్తే ఆందోళన తక్కువ స్థాయి, 10 నుంచి 14 మధ్యస్థం, 15, అంతకన్నా ఎక్కువైతే తీవ్రం. 10 వచ్చిందంటే నిపుణులు చూడాల్సిందే అని సాధారణంగా తీసుకుంటారు. దివ్యకు మొదట 9 వచ్చింది. నెల తర్వాత 14. ముఖాల సగటు పైకి వెళ్లిన నెలలోనే ఈ మార్కు పెరిగింది చూడండి. ఇది రోగ నిర్ధారణ కాదు, రోజూ చేసేది కూడా కాదు. రెండు వారాలకు ఒకసారి చాలు. రోజుకు పదిసార్లు మూడ్ చూసుకోవడం, స్కోర్ వేసుకోవడం మొదలైతే, ఆ చూసుకోవడమే ఆందోళనలో భాగమైపోయిందని గుర్తు.

మార్కుతో పనిలేకుండా వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి. బరువు తగ్గడం, చేతులు వణకడం, ఎప్పుడూ గుండె దడ ఉంటే థైరాయిడ్ కావచ్చు, రక్తహీనత కావచ్చు. రక్త పరీక్ష చేయించాల్సిన పనిని శ్వాస అభ్యాసంతో సరిపెట్టుకోవద్దు. నిద్ర కోసమో, వైవా కోసమో ఫ్రెండ్ ఇచ్చిన ఆల్‌ప్రజోలం మాత్ర వేసుకుంటుంటే ఇవాళే డాక్టర్‌కు చెప్పండి. అది అలవాటైపోయే మందు. మద్యంతో కలిస్తే ప్రాణానికే ప్రమాదం. అలాగని ఉన్నట్టుండి సొంతంగా ఆపేయడమూ మంచిది కాదు, డాక్టర్ సలహాతో మెల్లగా తగ్గించాలి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, "నేను లేకపోతే అందరికీ బాగుంటుంది" అనిపిస్తే, అది యాప్‌లో రాసుకునే విషయం కాదు. మూడ్ నమోదు చేసే యాప్‌లో 1 నొక్కితే ఆ రాత్రి మనిషెవరూ చూడరు. చాట్ యాప్‌లలో కొన్ని ప్రమాదకరమైన మాటలను పట్టుకుని హెల్ప్‌లైన్ నంబర్ చూపిస్తాయి. కానీ మన పిల్లలు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, సగం మాటలతో టైప్ చేస్తారు. దాన్ని యాప్ పట్టుకుంటుందన్న గ్యారంటీ లేదు.

అప్పుడు 14416కు ఫోన్ చేయాలి. దీని పేరు టెలీమానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎత్తుతారు, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కు కలుపుతారు, లేదా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు. ఏం చెప్పాలో తెలియకపోతే ఇలా మొదలుపెట్టండి: "నేను బీటెక్ చదువుతున్నాను. నెల నుంచి నిద్ర లేదు, క్లాసులకు వెళ్లలేకపోతున్నాను, చచ్చిపోవాలనిపిస్తోంది." అంతే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు. ప్రమాదం ఈ క్షణంలోనే ఉంటే 112, లేదా దగ్గరున్న ఆసుపత్రి ఎమర్జెన్సీ.

దివ్య చివరికి కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది. ఫోన్ తెరిచి నెల గ్రాఫ్ చూపించింది. అరగంటలో చెప్పలేని కథను ఏ పని మానేశానో రాసుకున్న గడులు రెండు నిమిషాల్లో చెప్పేశాయి. యాప్‌లో రాసుకున్నదానికి ఇదే మంచి ఉపయోగం. తర్వాత వారానికోసారి సీబీటీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే మాటల చికిత్స. సైకియాట్రిస్ట్ ఒక మందు కూడా రాశారు. దాని పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మొదటి రోజుల్లో కంగారు కాస్త పెరిగినా భయపడి ఆపేయకుండా ఫోన్ చేయమనీ ముందే చెప్పారు.

ఇక్కడున్న అధ్యాపకులకు, యాజమాన్యానికి ఒక మాట. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. టెలీమానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో అందరికీ కనపడేలా పెట్టాలి. కాలేజీ తరఫున ఒక యాప్ కొనిచ్చి కౌన్సెలర్ ఉన్నట్టే అనుకుంటే ఆ బాధ్యత తీరదు.

రూమ్మేట్లూ, మీకో పని ఉంది. పక్క మంచం మీద మనిషి మూడు రోజులుగా లేవకపోతే "మూడ్ బాగోలేదేమో" అని వదిలేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. పక్కనే కూర్చుని 14416కు మీరే డయల్ చేసి ఫోన్ చేతికివ్వండి. ఆ తర్వాత వార్డెన్‌కూ, ఇంట్లోవాళ్లకూ చెప్పండి.