సీమంతంలో మైకు చేతికిస్తే

అందరికీ నమస్కారం.

మండలి వాళ్లు నన్ను అడిగింది ఒక్కటే. సీమంతానికి వెళ్తాం, గాజులు తొడుగుతాం, అక్షింతలు వేస్తాం. ఆ అమ్మాయితో, ఆమె ఇంటివాళ్లతో ఏం మాట్లాడాలి? మన హైదరాబాద్‌లో సీమంతాలు ఫంక్షన్ హాళ్లలోకి వచ్చాక పెద్దవాళ్ల చేతికి మైకు కూడా ఇస్తున్నారు. రెండు వైపుల వాళ్లూ ఒకేచోట కూర్చునే రోజది. అక్కడ పెద్దావిడ అన్న మాటను కాన్పయ్యేదాకా ఇంట్లో పాటిస్తారు. అందుకే ఆ రెండు నిమిషాల్లో ఏమంటామో ముందే అనుకుని వెళ్లడం మంచిది.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. అత్తగారిల్లు దిల్‌సుఖ్‌నగర్, పుట్టిల్లు నల్గొండ. అమ్మాయికి ఏడో నెల, డాక్టరు లెక్కలో 28వ వారం. నిరుడు ఒకసారి గర్భం నిలవలేదు. మొన్న చేసిన గ్లూకోజ్ పరీక్షలో షుగర్ కొంచెం ఎక్కువ వచ్చింది. సీమంతం అయ్యాక కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్తారు. హాల్లో ఉన్నవాళ్లలో సగం మందికి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. తెలియకపోయినా నొప్పించకుండా ఉండేలా మాట్లాడాలి.

ముందు దీవెన సంగతి. "ఈసారైనా మంచి జరగాలి" అని ప్రేమతోనే అంటాం. కానీ ఆ 'ఈసారైనా'తో పోయిన బిడ్డను నలుగురిలో గుర్తుచేసినట్టవుతుంది. "పొట్ట కోసుగా ఉంది, మగపిల్లాడే" అనేది ఇంకో మాట. పొట్ట ఆకారం తల్లి కడుపు కండరాల బిగువును బట్టి, బిడ్డ పడుకున్న తీరును బట్టి ఉంటుంది. ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే కణంతో తేలిపోతుంది, అదీ మొదటి రోజే. ఏడో నెలలో మనం అనే మాటతో అది మారదు. ఆ మాట పట్టుకుని అత్తింట్లో ఎదురుచూడటం మొదలవుతుంది, అంతే. కడుపులో ఉన్నది ఎవరో చెప్పడాన్ని 1994 చట్టం డాక్టర్లకే నిషేధించింది, చుట్టాలు ఊహించి చెప్పడం దేనికి? "నార్మల్ డెలివరీ కావాలి" అనే దీవెన కూడా వద్దంటాను. రేపు బిడ్డ అడ్డం తిరిగి ఆపరేషన్ చేయాల్సొస్తే, అందరూ దీవించినా తన వల్ల కాలేదని ఆ పిల్ల బాధపడుతుంది.

ఆమె చేతిలో లేనిదాన్ని దీవెనలో కోరకండి. "నువ్వూ బిడ్డా క్షేమంగా ఉండాలి తల్లీ" అంటే సరిపోతుంది. మన పల్లెల్లో ముసలమ్మలు తల మీద చెయ్యి పెట్టి "సల్లగుండు బిడ్డా" అంటారు. అందులో ఏ షరతూ లేదు. నాకు అంతకన్నా మంచి దీవెన తెలియదు.

తినిపించడం దగ్గర కూడా మాటే ఒత్తిడి పెడుతుంది. "ఇద్దరి కోసం తినాలమ్మా" అంటూ ఒక్కొక్కరూ ఒక లడ్డూ ముక్క, చలిమిడి ముద్ద నోట్లో పెడతారు. వరసలో ముప్పై మంది ఉంటే ముప్పై ముద్దలు. షుగర్ ఎక్కువ వచ్చిందని ఆ అమ్మాయి అందరి ముందూ చెప్పుకోలేదు. అందుకే అత్తగారే మొదట అనేయాలి: "స్వీటు నేనూ, వదినగారూ తినిపిస్తాం, మిగతావాళ్లు అక్షింతలు వేసి దీవించండి." కారణం చెప్పక్కర్లేదు. ఆ ఒక్క మాటతో అమ్మాయికి వద్దని చెప్పుకునే ఇబ్బంది తప్పుతుంది. పాలల్లో కుంకుమపువ్వు వేసుకుంటే బిడ్డ తెల్లగా పుడుతుందని, ఐరన్ మాత్రలు మింగితే నల్లగా పుడుతుందని చెప్పేవాళ్లు ఎదురైతే వాదించకండి. "డాక్టరు రాసినవి మానొద్దు తల్లీ" అని మీ వంతు చెప్పండి. ఐరన్ మానేస్తే రక్తం తగ్గుతుంది, రక్తం తక్కువున్న తల్లి కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకోలేదు. ఒంటి రంగుకూ ఆ మాత్రకూ సంబంధం లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట మరొకటి ఉంది. అనుభవం ఉన్నవాళ్లే దాన్ని నమ్మకంగా చెబుతారు: "నెలలు నిండేకొద్దీ బిడ్డకు చోటు చాలదు, కదలికలు తగ్గుతాయి, భయపడకు." ఇది తప్పు. నెలలు నిండాక కదలిక తీరు మారొచ్చు, తన్నినట్టు కాకుండా దొర్లినట్టు అనిపించొచ్చు. కానీ కదలికలు తగ్గకూడదు. తగ్గాయంటే బిడ్డకు మాయ నుంచి అందాల్సింది అందడం లేదేమో అని అనుమానించాలి. పెద్దమ్మ సీమంతంలో చెప్పింది కదా అని తొమ్మిదో నెలలో ఆ అమ్మాయి ఒక రాత్రంతా ఊరుకుంటే, ఆ రాత్రి బిడ్డ దక్కకపోవచ్చు.

దాని బదులు ఇలా చెప్పండి. "రోజూ బిడ్డ బాగా కదిలే వేళ చూసుకుని ఎడమవైపు తిరిగి పడుకో. కదలికలు లెక్కపెట్టు. రెండు గంటల్లో పది రావాలి. రాకపోయినా, ఎప్పటికన్నా తగ్గినట్టు నీకు అనిపించినా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లు." చల్లటి నీళ్లు తాగి, తీపి తిని, పొద్దున దాకా చూద్దామనడం వద్దు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, తల పగిలేలా నొప్పి వచ్చి చూపు మసకబారినా అంతే, వెంటనే వెళ్లాలి. ఇది మైకులో చెప్పేది కాదు. గాజులు తొడుగుతూ చెవిలో చెప్పొచ్చు, భోజనాల దగ్గర భర్తనూ తల్లినీ పక్కన కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పొచ్చు.

ఇక ఇంటివాళ్లతో. పుట్టింటికి తీసుకెళ్లడం మన ఆనవాయితీ, మంచిదే. చిక్కల్లా డాక్టరు మారడంలో వస్తుంది. ఇన్నాళ్లూ చూసిన డాక్టరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు, నొప్పులు నల్గొండలో వస్తాయి. అక్కడి ఆసుపత్రి వాళ్లు ఆమెను అప్పుడే మొదటిసారి చూస్తే షుగర్ సంగతి, బ్లడ్ గ్రూపు, పాత స్కానింగులు ఏవీ వాళ్ల దగ్గర ఉండవు. కాబట్టి తల్లిని అడగాల్సింది "ఎప్పుడు తీసుకెళ్తున్నారు?" అని కాదు. "అక్కడ ఏ డాక్టరుకు చూపిస్తారు వదినా? వెళ్లిన వారంలోనే ఫైలంతా పట్టుకుని ఒకసారి చూపించండి" అనాలి. స్కానింగ్ రిపోర్టులు, తల్లీబిడ్డల కార్డు సామాన్ల అడుగున సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో ఉండాలి. గ్రూపు నెగటివ్, భర్తది పాజిటివ్ అయితే 28 వారాల దగ్గర యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ఇక్కడి డాక్టరునే అడిగి బయల్దేరాలి.

భర్తకు చెప్పేది సూటిగా ఉండాలి. "జాగ్రత్తగా చూసుకో బాబూ" అంటే తలూపుతాడు, ఏం చేయాలో అతనికి తెలియదు. "రాత్రి రెండింటికి నొప్పులొస్తే ఏ బండిలో తీసుకెళ్తారో మీ మామగారితో ఇవాళే మాట్లాడు. బండి దొరక్కపోతే 108కి చేయమని చెప్పు. రక్తం ఇవ్వగలిగినవాళ్లు ఇద్దరి నంబర్లు రాసిపెట్టుకో" అంటే పని మొదలుపెడతాడు.

చివరగా, అత్తగారి స్థానంలో ఉన్నవాళ్లకు ఒక మాట. అమ్మాయి తల్లికి భర్త లేకపోతే ఆమె తనంతట తాను పీటల దగ్గరికి రాదు, వెనక కుర్చీల్లో కూర్చుండిపోతుంది. కూతురి కళ్లు అటే ఉంటాయి. మగపెళ్లివారి వైపు పెద్దావిడ లేచి అక్కడికి వెళ్లి, అందరికీ వినపడేలా పిలవాలి: "వదినగారూ, రండి. మొదటి గాజు మీరే తొడగాలి." మీరు పిలిచాక వద్దనేవాళ్లు ఉండరు. ఆమె తొడిగాకే మైకు తీసుకోండి.