వీడియోలో మా అమ్మాయి ఎన్ని సెకన్లు కనిపిస్తుంది?

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

ఈ రోజు ఒక ఉత్తరం గురించి మాట్లాడతాను. తరగతి గదిలో తీసిన దృశ్యాలను బడి వీడియోలో వాడుకునే ముందు తల్లిదండ్రుల సంతకం కోరే ఉత్తరం. చాలా బడుల్లో అది ఒకే వాక్యం: "మా పిల్లల ఫొటోలు, వీడియోలు బడి అవసరాలకు వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను." దాన్ని అడ్మిషన్ ఫారంలో ఒక మూల ఇరికించేసినవాళ్లూ ఉన్నారు. సంతకం ఉంది కదా అని ధీమాగా ఉంటారు. కానీ ఆ సంతకం పెట్టిన రోజుకి వీడియోయే లేదు. దేనికి ఒప్పుకున్నారో పెట్టినవాళ్లకీ తెలియదు, పెట్టించుకున్నవాళ్లకీ తెలియదు.

చిక్కంతా ఎక్కడ మొదలవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఐదో తరగతి సైన్స్ టీచర్ తన బోధన ఎలా ఉందో చూసుకోవడానికి ఒక పీరియడ్ మొత్తం, 40 నిమిషాలు, వీడియో తీసుకున్నారనుకోండి. పిల్లలు 32 మంది. బ్యాటరీ, వైరు కలిపి బల్బు వెలిగిస్తున్నారు. వీడియో బాగా వచ్చింది. అది చూసిన ప్రిన్సిపాల్ గారు, "మన బడి పరిచయ వీడియోలో ఇందులోంచి 25 సెకన్లు పెడదాం" అన్నారు. కెమెరా అదే, పిల్లలు వాళ్లే. మారింది ఉద్దేశం. టీచర్ ఒక్కరే చూసుకోవడానికి తీసినది ఇప్పుడు ఊరందరూ చూసేదవుతోంది. అప్పట్లో తల్లిదండ్రులు "సరే" అని ఉన్నా, ఆ సరే దీనికి వర్తించదు. మళ్లీ అడగాల్సిందే.

అడిగేటప్పుడు ఏం రాయాలి? నేనైతే ఇలా మొదలుపెడతాను: "గత నెల సైన్స్ పీరియడ్‌లో టీచర్ తన సొంత పరిశీలన కోసం ఒక వీడియో తీశారు. అందులోని 25 సెకన్ల భాగాన్ని బడి పరిచయ వీడియోలో వాడాలనుకుంటున్నాం. మీ అమ్మాయి సుమారు 6 సెకన్లు కనిపిస్తుంది. ముఖం స్పష్టంగా తెలుస్తుంది, గొంతు వినిపిస్తుంది. పేరు ఎక్కడా వేయం. సంతకం చేసే ముందు ఆ భాగాన్ని మీరు బడికి వచ్చి చూడవచ్చు."

ఈ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో ఉత్తరానికి ప్రాణం అదే. మామూలుగా వీడియో తీయకముందే అనుమతి అడుగుతాం, అప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. ఇక్కడ దృశ్యం చేతిలోనే ఉంది. తల్లి వచ్చి చూసి, "మా పిల్ల తప్పు జవాబు చెబితే పక్కవాళ్లు నవ్వుతున్నారు, ఇది వద్దు" అనవచ్చు. ఎడిట్ చేసేవాళ్లకి అది సరదా సన్నివేశంగానే కనిపించి ఉంటుంది.

తర్వాత, వీడియో ఎక్కడెక్కడ చూపిస్తారన్నది. అన్నిటినీ ఒకే టిక్కుకి కట్టేయకండి. బడి లోపల జరిగే సమావేశంలో ప్రదర్శించడం, బడి వెబ్‌సైట్, సోషల్ మీడియా: ఈ మూడింటికీ వేర్వేరు గడులు పెట్టండి. మొదటిదానికి ఒప్పుకుని మూడోదానికి ఒప్పుకోనివాళ్లు తప్పకుండా ఉంటారు. "యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెడతాం, బయటివాళ్లకి కనిపించదు" అని రాయకండి. వెతికితే దొరకదు కానీ, లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడగలరు. ఆ లింక్ ఒక వాట్సాప్ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పోవడానికి ఎంతసేపు?

ప్రతి గడిలోనూ "అంగీకరిస్తున్నాను", "అంగీకరించడం లేదు" అనే రెండు మాటలూ పక్కపక్కన, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. "ఫలానా తేదీలోగా తెలపకపోతే అంగీకరించినట్టే భావిస్తాం" అనే వాక్యం మాత్రం కొట్టేయండి. జవాబు రాలేదంటే అనుమతి రానట్టే. కాగితం పిల్లాడి బ్యాగు అడుగునే ఉండిపోయి ఉండొచ్చు, అమ్మానాన్నలకు చదవడం రాకపోవచ్చు. అలాంటివాళ్లకి ఫోన్ చేసి ఉత్తరం చదివి వినిపించి, సంతకం మాత్రం కాగితం మీదే తీసుకోండి.

వద్దన్నవాళ్లని కారణం అడగకండి. ఫారంలో "కారణం" అనే గీత కూడా వద్దు. విడిపోయిన దంపతుల్లో ఒకరు బిడ్డ ఎక్కడ చదువుతోందో ఇంకొకరికి తెలియకూడదని జాగ్రత్త పడుతుండవచ్చు. యూనిఫాం మీది బ్యాడ్జి ఒక్కటి చాలు, అది తెలిసిపోవడానికి. పేరు వేయం అన్నంత మాత్రాన వాళ్లకి భయం తీరదు.

పిల్లల కోసం కూడా ఒక గడి పెట్టమంటాను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వయసుకీ పరిణతికీ తగ్గట్టు వాళ్ల అభిప్రాయానికి విలువ ఇవ్వాలంటుంది. 16వది వాళ్ల గోప్యత గురించే. పదేళ్ల పిల్లకి తన ముఖం ఎక్కడ కనిపించాలో చెప్పేంత తెలివి ఉంటుంది. అమ్మ అవునని, పిల్ల వద్దంటే, నేను వద్దనే రాసుకుంటాను.

ఇప్పుడు మన 32 ఉత్తరాలు తిరిగొచ్చాయి. 26 మంది అన్నిటికీ సరే అన్నారు. ఇద్దరు బడి లోపలి ప్రదర్శనకు మాత్రమే ఒప్పుకున్నారు. ఒకరు వద్దన్నారు. ముగ్గురి నుంచి జవాబే లేదు. అంటే వెబ్‌సైట్‌లో పెట్టే వీడియోలో ఆరుగురు కనిపించకూడదు. సరిగ్గా మనకి నచ్చిన ఆ 25 సెకన్లలోనే వాళ్లలో ఇద్దరు ముందు బెంచీలో కూర్చుని ఉంటారు, ఎప్పుడూ అంతే!

వెంటనే ఎవరో ఒకరు "బ్లర్ చేద్దాం" అంటారు. కదిలే పిల్లల మీద బ్లర్ నిలకడగా ఉండదు, ఏదో ఒక ఫ్రేములో జారిపోతుంది. అక్కడ పాజ్ చేస్తే ముఖం బయటపడుతుంది. జారకపోయినా జడ, బ్యాగు, కూర్చున్న చోటు చూసి తోటిపిల్లలు గుర్తుపట్టేస్తారు. పైగా ముఖం చెరిపేసిన పిల్లే అందరిలో ముందు కంటపడుతుంది. అందుకే 40 నిమిషాలూ మళ్లీ వెతకండి. చేతులూ వైర్లూ వెలిగే బల్బూ మాత్రమే కనిపించే దృశ్యం దొరుకుతుంది. పాఠం గురించి చెప్పడానికి ముఖాలకన్నా అదే మేలు. దొరక్కపోతే ఆ భాగం వదిలేయండి.

ఎడిటింగ్ అయ్యాక ఒకసారి బొమ్మ ఆపి శబ్దం మాత్రం వినండి. టీచర్ ఎవరినైనా పేరు పెట్టి పిలిచారా? తర్వాత శబ్దం ఆపి వెనక గోడ చూడండి. మార్కుల జాబితా, నోటుబుక్కు మీది పేరు లేబుల్ కనబడుతున్నాయా? ఈ రెండూ కలిపి చూస్తే ఏదో ఒకటి తప్పించుకుంటుంది.

ఇక అనుమతి వెనక్కి తీసుకోవడం. "ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు" అని రాసి ఊరుకోకండి, అది సగం మాటే. ఇలా రాయండి: "మీరు లిఖితంగా తెలిపిన ఏడు రోజుల్లో మా పేజీల నుంచి వీడియో తీసేస్తాం. అప్పటికే ఇతరులు డౌన్‌లోడ్ చేసుకున్న కాపీలను మేం తొలగించలేం." ఈ వాక్యం చదివి కొందరు వద్దంటారు. అననివ్వండి.

ఒక రిజిస్టరులో ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఏ గడికి సరే అన్నారో, వీడియోలో ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను దాకా కనిపిస్తుందో రాసుకోండి. రేపు ఒక తండ్రి వద్దని ఉత్తరం పంపితే, ఎక్కడ కత్తిరించాలో వెతుక్కోనక్కర్లేదు. అసలు 40 నిమిషాల ఫైలు టీచర్ ఫోనులో ఒకటి, ఎడిటర్ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకటి ఉంటుంది. దాన్ని ఎప్పుడు తుడిచేస్తారో ఆ తేదీ ఉత్తరంలో వేయండి, ఆ పని ఎవరిదో పేరు రిజిస్టరులో రాయండి.

ఇప్పుడు మీ దగ్గరున్న ఫారాలు బయటికి తీయండి, ఒక్కొక్కటే చూద్దాం.