ముక్కులో నలుపు, కంటి మీద వాపు: షుగర్ ఉన్నవాళ్లు రేపటిదాకా ఆగకూడదు

అందరికీ నమస్కారం.

2021 మే నెలలో మన విశాఖలో బ్లాక్ ఫంగస్ అన్న మాట వినని ఇల్లు లేదు. కోవిడ్ తగ్గాక ఆ మాటా మరుగున పడింది. జబ్బు మాత్రం పోలేదు. కోవిడ్‌కు ముందు కూడా, షుగర్ అదుపు తప్పినవాళ్లలో మా ఈఎన్‌టీ డాక్టర్లకు అది కనపడుతూనే ఉండేది. దాని అసలు పేరు మ్యూకార్‌మైకోసిస్. ఈరోజు ఒక్క కేసు చెబుతాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చాను.

గాజువాక వైపు ఆటో నడిపే 52 ఏళ్ల ఆయన. ఇన్సులిన్ మీద ఉన్నారు. జ్వరం వచ్చి అన్నం సహించకపోతే, తిననప్పుడు ఇన్సులిన్ దేనికని మానేశారు. సోమవారం కుడి చెంప, పైపళ్లు లాగడం మొదలైంది. పంటి నొప్పి అనుకుని మాత్ర వేసుకున్నారు. మర్నాడు గడ్డం గీసుకుంటుంటే ఆ చెంప మొద్దుబారినట్టు తెలిసింది. ముక్కు ఒక పక్కే పట్టేసింది, చీదితే నల్లటి చారలతో చీమిడి వచ్చింది. బుధవారం కన్ను వాచింది. కళ్లకలకేమో అని మందుల షాపులో చుక్కలు కొన్నారు. గురువారం పొద్దున రెప్ప వాలిపోయింది, ఎదురుగా మనిషి ఇద్దరుగా కనపడ్డాడు. అప్పుడు వచ్చారు.

ఎండోస్కోపుతో చూస్తే ముక్కు లోపల నల్లటి పెచ్చు. లోహపు పుల్లతో తాకాం. నొప్పి లేదు, రక్తమూ రాలేదు. బతికున్న చోట తాకితే ఎవరైనా ఉలిక్కిపడతారు. అక్కడ కండ చచ్చిపోయిందన్నమాట. నలుపు కనపడేది ఇలా చచ్చాకే. మొదట్లో ఆ చోటు పాలిపోయి మాత్రమే ఉండొచ్చు. అందుకే నలుపు లేదు కదా అని ఊరుకోకూడదు.

ఈ బూజు బీజాలు మట్టిలో, గాలిలో అంతటా ఉంటాయి, మనమందరం పీలుస్తూనే ఉంటాం. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. షుగర్ బాగా పెరిగి, ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లు చేరితే రక్తం ఆమ్లంగా మారుతుంది. అప్పుడు ఇనుమును పట్టి ఉంచే ప్రోటీన్ పట్టు సడలుతుంది. ఆ ఇనుమే బూజుకు ఆహారం. కాపలా కాయాల్సిన తెల్లకణాలూ ఆ సమయంలో చురుగ్గా పనిచేయవు. బూజు రక్తనాళాల గోడల్లోకి చొరబడి, లోపల రక్తం గడ్డకట్టేలా చేస్తుంది. రక్తం అందని కండ నల్లబడుతుంది. సైనస్‌కూ కంటికీ మధ్య ఉన్నది కాగితమంత పలుచని ఎముక. కంటి వెనక నుంచి మెదడు కూడా దూరం కాదు.

అసలు తిరకాసు ఇక్కడుంది. మందు వెళ్లేది రక్తంలోనే. రక్తనాళం మూసుకుపోయిన చోటికి ఎంత మంచి మందైనా చేరదు. కాబట్టి చచ్చిన కండను కోసి తీసేయాలి, తాజా రక్తం కనపడేదాకా తీయాలి. ఒక్కరోజు ఆగితే కోయాల్సింది పెరుగుతుంది.

ఆయన ముక్కులోంచి తీసిన ముక్కను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి మైక్రోస్కోపు కింద చూశారు. రిబ్బన్లలా వెడల్పాటి పోగులు కనపడ్డాయి. ఈ పరీక్షకు గంటో రెండు గంటలో పడుతుంది. ఆ ముక్క నుంచి బూజును పెంచి చూసే కల్చర్‌కు రోజులు పడుతుంది, కొన్నిసార్లు ఏమీ పెరగదు కూడా. రిపోర్టు రాలేదని మందు ఆపితే జబ్బు ఆగదు, అందుకే అనుమానం గట్టిగా ఉంటే మొదలుపెట్టేస్తాం.

మందు లైపోసోమల్ యాంఫోటెరిసిన్. రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. ఆయన 60 కిలోలు, అంటే రోజుకు 300, ఆరు వయల్స్. దీన్ని సెలైన్‌లో కలిపితే పాడవుతుంది, గ్లూకోజులోనే కలపాలి. "షుగర్ పేషెంటుకి గ్లూకోజు ఎక్కిస్తారేంటండీ?" అని ఆయన భార్య నర్సును నిలదీశారు. అడగాల్సిన ప్రశ్నే. ఇన్సులిన్ డ్రిప్ పక్కనే నడుస్తోంది, దాంతో సరిచేస్తాం. కిడ్నీలు దెబ్బతినకుండా ముందు సెలైన్ ఇస్తాం. ఇన్సులిన్, ఈ మందు రెండూ పొటాషియాన్ని పడగొడతాయి కాబట్టి రక్తం తరచూ పరీక్షిస్తాం.

షుగర్ నార్మల్‌కి వచ్చాకే ఆపరేషన్ చేయమని బంధువులు అడుగుతుంటారు. అంత ఆగం. రక్తంలో ఆమ్లం కొన్ని గంటల్లో కొంత సర్దుకుని, మత్తు డాక్టర్ ఒప్పుకుంటే చాలు. ఆయనకు ఆ రాత్రే చేశాం.

మీరు క్యాజువాలిటీకి వెళ్తే కన్ను వాచిందని మాత్రమే చెప్పకండి. షుగర్ ఉందనీ, చెంప మొద్దుబారిందనీ, చీమిడి నల్లగా వచ్చిందనీ కలిపి చెప్పండి, ముక్కు లోపల చూడమని అడగండి. విడిగా చెబితే సైనస్ అనో కంటి ఇన్‌ఫెక్షన్ అనో పొరబడవచ్చు. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తే షుగర్ ఇంకా పెరుగుతుంది, బూజుకు అడ్డు తగ్గుతుంది.

కన్ను తీసేస్తారా అని అందరికీ భయం. చూపు పూర్తిగా పోయి, గుడ్డు కదలక, జబ్బు మెదడు వైపు పాకుతుంటే ప్రాణం కోసం తీయాల్సి రావచ్చు. ఈయనకు చూపు ఇంకా ఉంది. మళ్లీ రెండుసార్లు శుభ్రం చేయాల్సి వచ్చింది, కన్ను నిలిచింది. రెప్ప మాత్రం సగమే లేస్తుంది. ఇప్పుడు ఈ బూజుకే వాడే పోసాకొనజోల్ మాత్రలు అన్నంతో పాటు వేసుకుంటున్నారు, ఎంఆర్‌ఐకి వస్తూ పోతున్నారు. జ్వరం వచ్చినా ఇన్సులిన్ మానడం లేదు. తిండి తగ్గితే డోసు ఎంత తగ్గించాలో ఫోన్ చేసి కనుక్కుంటున్నారు.