సెకండ్ హ్యాండ్ కార్ల సైటులో ఈఎంఐ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు? నల్లగొండ నుంచి ఒక రివ్యూ

నమస్కారం. నల్లగొండలో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే ఒక డీలరు నడుపుతున్న సైటును ఈ వీడియోలో పరిశీలిద్దాం. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇలాంటి ఏ సైటు తెరిచినా మీరే చేసుకోగల పరీక్షలను చూపించడమే నా ఉద్దేశం. ఈ సైటులో అమ్మకానికి ఉన్న బండ్ల జాబితా, ఒక్కో బండికి ఫొటో గ్యాలరీ, లోన్ కాలిక్యులేటర్, మనం పంపిన ఎంక్వైరీ ఎక్కడిదాకా వచ్చిందో చూపించే పేజీ ఉన్నాయి. వీటిలో లోన్ కాలిక్యులేటర్ మీదే ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే.

దేవరకొండకు చెందిన నా పరిచయస్తులు ఒకరు ఇక్కడ 2017 మోడల్ పెట్రోల్ కారు ఒకటి చూశారు. జాబితాలో ధర 4,25,000 రూపాయలు. బండి కింద ఉన్న కాలిక్యులేటర్ ఆ ధరలో 80 శాతాన్ని, అంటే 3,40,000 రూపాయలను, లోన్‌గా తనంతట తానే తీసుకుంది. వడ్డీ 12 శాతం, గడువు 36 నెలలు అని పెడితే ఈఎంఐ 11,293 రూపాయలని చూపించింది. డౌన్ పేమెంట్ 85,000 రూపాయలు. ఆయన ఆ రెండు అంకెలను మనసులో పెట్టుకొని షోరూముకు వెళ్లారు.

ఫైనాన్స్ సంస్థ లోన్ ఇచ్చేది డీలరు చెప్పిన ధర మీద కాదు, తాను కట్టిన విలువ మీద. ఆ కారుకు వాళ్లు 3,75,000 రూపాయల విలువ కట్టి, అందులో 80 శాతం, అంటే 3,00,000 రూపాయలు ఇస్తామన్నారు. దాంతో డౌన్ పేమెంట్ 85,000 నుంచి 1,25,000 రూపాయలకు పెరిగింది. ఈ తేడా కనీసం వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించి అడగవచ్చు. అసలు సమస్య ఈఎంఐలో ఉంది. ఫైనాన్స్ ప్రతినిధి రాసిచ్చిన కాగితంలో వడ్డీ 12 శాతం, గడువు 36 నెలలు, ఈఎంఐ 11,333 రూపాయలు అని ఉంది. సైటులో చూసిన 11,293కు ఇది నలభై రూపాయలు మాత్రమే ఎక్కువ కావడంతో లెక్క సరిపోయిందని ఆయన అనుకున్నారు.

కానీ లోన్ 40,000 రూపాయలు తగ్గింది. వడ్డీ శాతం మారలేదు, గడువు మారలేదు. అలాంటప్పుడు ఈఎంఐ కూడా తగ్గాలి కదా! సైటులోనే లోన్ 3,00,000 అని మార్చి చూస్తే 9,964 రూపాయలు వస్తుంది. సైటు లెక్క కట్టింది రెడ్యూసింగ్ పద్ధతిలో: ప్రతి నెలా మనం కట్టిన మేరకు అసలు తగ్గుతుంది, మిగిలిన అసలు మీదే వడ్డీ పడుతుంది. కాగితం మీద ఉన్నది ఫ్లాట్ పద్ధతి: మూడు లక్షల మీద మూడేళ్లకూ పూర్తి వడ్డీ, అంటే 1,08,000 రూపాయలు, ముందే లెక్కించి అసలుకు కలిపి 36తో భాగించారు. చివరి నెలలో మీ దగ్గర వాళ్ల డబ్బు పది వేలే మిగిలి ఉన్నా, వడ్డీ మాత్రం మూడు లక్షల మీదే కడుతూ ఉంటారు. నెలకు 1,369 రూపాయల చొప్పున, గడువు ముగిసేసరికి దాదాపు 49,000 రూపాయల తేడా వస్తుంది. ఆ ఫ్లాట్ 12 శాతాన్ని రెడ్యూసింగ్ పద్ధతిలోకి మారిస్తే సుమారు 21 శాతం అవుతుంది.

ఏ కాలిక్యులేటర్ ఏ పద్ధతిలో లెక్క కడుతుందో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. లోన్ లక్ష రూపాయలు, వడ్డీ 12 శాతం, గడువు 12 నెలలు అని పెట్టండి. జవాబు 8,885 వస్తే అది రెడ్యూసింగ్, 9,333 వస్తే ఫ్లాట్. ఇవే అంకెలను ఫైనాన్స్ ప్రతినిధికి చెప్పి ఆయన చేత కూడా లెక్క కట్టించండి, ఒక్క నిమిషంలో విషయం తేలిపోతుంది. అంతకన్నా గట్టి ఆధారం మరొకటి ఉంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే కొత్త రిటైల్ లోన్లకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే పత్రం ఇవ్వాలి. అందులో ప్రాసెసింగ్ ఫీజు వంటి ఖర్చులన్నీ కలిపిన వార్షిక శాతం ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ పత్రం అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే సంతకం వాయిదా వేసుకోండి. ఈ సైటు తన కాలిక్యులేటర్ కింద ‘ఇది రెడ్యూసింగ్ వడ్డీ లెక్క, లోన్ మొత్తం ఫైనాన్స్ సంస్థ కట్టే విలువను బట్టి మారుతుంది’ అని రెండు వాక్యాలు రాస్తే సగం గందరగోళం పోతుంది. ఇది నేను డీలరుకు నేరుగా చెప్పాను, మీ ముందు కూడా చెబుతున్నాను.

ఇక ఫొటో గ్యాలరీ ఈ సైటులో నిజంగా మెచ్చుకోదగ్గ భాగం. ఫొటోను బాగా పెద్దది చేసినా అక్షరాలు చెదిరిపోవడం లేదు. ఇదే కారు ముందు టైరు ఫొటో చూడండి. పక్క గోడ మీద DOT అనే గుర్తు తర్వాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు 1021 అని ఉన్నాయి, అంటే 2021లో పదో వారంలో తయారైన టైరు. కారు 2017ది కాబట్టి కంపెనీ నుంచి వచ్చిన టైర్లు ఎప్పుడో మారాయి. అది తప్పు కాదు. కానీ ఈ రెండో టైరు కూడా గాడుల మధ్య ఉండే అరుగుదల గుర్తు దాకా అరిగిపోయి ఉంది, జాబితాలో మాత్రం 46,000 కిలోమీటర్లని రాశారు. రెండు జతల టైర్లు అరగడానికి ఇంత తక్కువ దూరం సరిపోతుందా అన్నది అడగవలసిన ప్రశ్న. పంక్చర్ల వల్లో అలైన్‌మెంట్ తేడా వల్లో కూడా టైర్లు ముందే పోవచ్చు కాబట్టి, ఫొటో ఒక్కటే చూసి మీటరు వెనక్కి తిప్పారని నిర్ధారించకూడదు. సర్వీసు రికార్డులో ప్రతిసారీ రాసిన కిలోమీటర్లను తేదీలతో పోల్చి చూడాలి. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు అరుగుదల ఫొటో కూడా ఈ గ్యాలరీలో ఉంటే బాగుండేది.

జాబితాలో ఒక లోటు మన వైపు వాళ్లకు ప్రత్యేకంగా తగులుతుంది. మహబూబ్‌నగర్, గద్వాల వైపు రాయచూరు నుంచి వచ్చిన కర్ణాటక నంబరు బండ్లు కొంత తక్కువ ధరకు కనిపిస్తాయి. అలాంటి బండిని ఇక్కడ మన పేరు మీదికి మార్చుకోవాలంటే అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలపకుండా ధరల క్రమంలో చూపిస్తే, స్థానిక TS 05, TS 06 నంబరు బండ్ల కన్నా అవి అనవసరంగా చవకగా కనిపిస్తాయి.

ఎంక్వైరీ పేజీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పంపిన వెంటనే ఒక నంబరు వస్తుంది, ఎవరు ఫోన్ చేశారో, బండి ఎప్పుడు చూపించారో తేదీలతో కనిపిస్తుంది. ఎంక్వైరీ పంపిన రోజున జాబితాలో ఉన్న ధర కూడా అందులో నమోదై ఉంటుంది. షోరూములో వేరే ధర చెబితే ఆ పేజీని చూపించి మాట్లాడవచ్చు. అయితే ఫారం కింద ‘ఫైనాన్స్ భాగస్వాములతో నా నంబరు పంచుకోవచ్చు’ అన్న చోట టిక్కు ముందే పెట్టి ఉంటుంది. మీరు లోన్ వద్దనుకుంటే పంపే ముందు ఆ టిక్కు తీసేయండి.