చీటీలు తీసింది ఊళ్ళకే, ఇళ్ళకు కాదు

"పర్లాకిమిడి నుంచి అడుగుతున్నానండి. మా చెల్లి కాలేజీ ప్రాజెక్టు చార్టు ఫోటో పంపాను. సర్వేకు ఇళ్ళను ఎంచిన ఈ పద్ధతిని స్ట్రాటిఫైడ్ శాంప్లింగ్ అనాలా, క్లస్టర్ శాంప్లింగ్ అనాలా? తప్పేమైనా ఉందా?"

ఫోటో స్క్రీన్ మీద పెడుతున్నాను, చూడండి. తాగునీటికి ఎంత దూరం నడుస్తున్నారన్నది ప్రశ్న. పైన పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: మొత్తం ఊళ్ళు 60, చీటీలు తీసి ఎంచినవి 6, ఊరికి 20 ఇళ్ళు, మొత్తం 120.

ముందు వెతకాల్సింది, చీటీ పడని 54 ఊళ్ళ నుంచి ఎవరినైనా అడిగారా అని. ఒక్కరినీ అడగలేదు. కాబట్టి ఇది క్లస్టర్. కొండ ఊళ్ళు, పల్లపు ఊళ్ళు అని విడదీసి రెండిట్లోనూ ఇళ్ళకు చీటీలు తీసి ఉంటే స్ట్రాటిఫైడ్ అయ్యేది. 60 ఊళ్ళ ఇళ్ళన్నీ ఒకే జాబితాలో రాసి అందులోంచి 120 ఇళ్ళకు చీటీలు తీస్తే సింపుల్ రాండమ్.

ఇప్పుడు ఫోటోని పెద్దది చేసి కింది మూల చూడండి. పెన్సిల్‌తో, ఒడియాలో, ఒక చిన్న లైను ఉంది: "రోడ్డు పక్క ఇళ్ళతో మొదలుపెట్టి 20 అయ్యేదాకా." అసలు తప్పు ఇక్కడే ఉంది. ఊళ్ళు లాటరీలో వచ్చాయి గానీ, ఊళ్ళోకి వెళ్ళాక అందిన ఇళ్ళనే అడిగారు. అంటే పై మెట్టు క్లస్టర్, కింది మెట్టు కన్వీనియెన్స్. జవాబులో రెండూ రాయాలి, ఒక్కటి రాస్తే సగం మార్కులే న్యాయం. బోరింగులు ఎక్కువగా రోడ్డు దగ్గరే వేస్తారు కాబట్టి, నడిచే దూరం ఉన్నదానికంటే తక్కువగా తేలే అవకాశం ఉంది.

ఇంకో చిక్కుంది, ఇది చాలామంది కంటికి ఆనదు. ఊరు చిన్నదైనా పెద్దదైనా 20 ఇళ్ళే. ఊళ్ళో ఇళ్ళకు చీటీలు సరిగ్గా తీశారనే అనుకుందాం. 40 ఇళ్ళ ఊళ్ళో ఒక ఇంటికి వంతు వచ్చే అవకాశం:

```
6/60 × 20/40 = 1/20
```

400 ఇళ్ళ ఊళ్ళో అయితే:

```
6/60 × 20/400 = 1/200
```

పది రెట్లు తేడా. సగటు చిన్న ఊళ్ళ వైపు మొగ్గుతుంది. దీన్ని తర్వాతైనా సరిచేయొచ్చు: ఊళ్ళో ఉన్న ఇళ్ళను 20తో భాగించి, వచ్చిన అంకె ఎంతో అన్నిసార్లు ఆ ఊరి ఒక్కో జవాబునూ లెక్కించండి. చిన్న ఊరి జవాబు 2గా, పెద్ద ఊరి జవాబు 20గా లెక్కకొస్తుంది.

రోడ్డు పక్క ఇళ్ళ తప్పుకు మాత్రం ఈ మందు పనిచేయదు. వెనక వీధి వాళ్ళ జవాబే లేనప్పుడు దేన్ని హెచ్చించగలం? ఆ ఆరు ఊళ్ళకూ మళ్ళీ వెళ్ళాల్సిందే. ముందు ఇళ్ళన్నిటికీ నంబర్లు వేసి, అప్పుడు 20 చీటీలు తీయమనండి. చీటీ పడ్డ ఇంటికి తాళం ఉంటే పక్కింటిని అడగొద్దు, పొలం నుంచి వచ్చే వేళకు, సాయంత్రం, అదే ఇంటికి మళ్ళీ వెళ్ళాలి.